తప్పుల్లేని వ్యాసానికి 15, తప్పులున్న వ్యాసానికి 19: ఎందుకు?



పోయిన టర్మ్ పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాన్నగారు రెండు ఫొటోలు చూపించారు. ఒకటి వాళ్ల అమ్మాయి ఇంగ్లిష్ వ్యాసం. ముత్యాల్లాంటి అక్షరాలు, వెతికినా స్పెల్లింగ్ తప్పు దొరకదు. దానికి 25కి 15 వచ్చాయి. రెండోది అదే సెక్షన్‌లోని ఒక అబ్బాయిది. అందులో ఆరు గ్రామర్ తప్పులకు నేనే ఎర్ర సున్నాలు చుట్టాను. దానికి 19. "మేడమ్, తప్పుల్లేనిదానికి తక్కువా? తప్పులున్నదానికి ఎక్కువా? ఇదేం లెక్కండీ?" అని అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు క్యూలో ఇంకా చాలామంది ఉండటంతో ఐదు నిమిషాల్లో నేను చెప్పగలిగింది కొంతే. ఈసారి రెండు ఫోల్డర్లూ ముందు పెట్టుకుని పూర్తిగా చెప్తాను. పిల్లల పేర్లు రాయడం లేదు. వాళ్లు ఇంగ్లిష్‌లో రాసిన మాటల అర్థాన్ని తెలుగులో ఇస్తున్నాను.

ఫోల్డర్‌లో ఏం ఉంటుంది?

అంశం ఇద్దరికీ ఒకటే: "మా వీధిలో లేదా మా అపార్ట్‌మెంట్‌లో మారాల్సిన ఒక విషయం". 250 పదాలు, మూడు వారాల సమయం. చివరికి నా చేతికి వచ్చేది ఫెయిర్ కాపీ ఒక్కటే కాదు. క్లాసులో 40 నిమిషాల్లో రాసిన మొదటి డ్రాఫ్ట్, మధ్యలో రాసిన డ్రాఫ్టులు, ఫెయిర్ కాపీ, చివరన ఒక చిన్న నోట్. అన్నిటిమీదా తేదీలు ఉండాలి. ఈ మొత్తాన్నే పోర్ట్‌ఫోలియో అంటున్నాం. మనకు అలవాటైన మాటల్లో చెప్పాలంటే రఫ్, ఫెయిర్ రెండూ కలిపి ఇవ్వడమే.

డ్రాఫ్ట్ రాసేటప్పుడు కొన్ని నియమాలున్నాయి. కుడి పేజీలో మాత్రమే, లైను వదిలి లైను రాయాలి. ఎడమ పేజీ తర్వాత చేర్చబోయే మాటల కోసం ఖాళీగా ఉండాలి. రబ్బరు, వైట్‌నర్ వాడకూడదు. వద్దనుకున్న మాటను ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఏం ఉందో చదవడానికి వీలుండాలి. ఇంట్లో నోట్‌బుక్ చూసి "ఇన్ని కొట్టివేతలా!" అని మీకు అనిపించవచ్చు. ఆ కొట్టివేతలే నాకు కావాలి. పిల్లవాడు ఏం అనుకుని, ఎందుకు మనసు మార్చుకున్నాడో తెలిసేది అక్కడే.

మొదటి డ్రాఫ్ట్ మీద నేను మార్కు వేయను. గ్రామర్ తప్పులు కూడా దిద్దను. మార్జిన్‌లో రెండు ప్రశ్నలు మాత్రం రాస్తాను. ఇది బద్ధకం కాదు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ పాఠశాలల్లో చేసిన ఒక అధ్యయనం టీచర్లలో బాగా పేరున్నది. కొందరు పిల్లలకు వ్యాఖ్య మాత్రమే, కొందరికి మార్కు మాత్రమే, ఇంకొందరికి రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కు పక్కనే వ్యాఖ్య ఉన్నప్పుడు ఆ మేలు కనిపించలేదు. మన పిల్లల్లోనూ ఇది చూస్తూనే ఉంటాం. పేపర్ చేతికి రాగానే చూపు అంకె మీదికి, ఆ తర్వాత పక్కవాడి అంకె మీదికి వెళ్తుంది. కింద రాసింది ఎవరూ చదవరు.

25 మార్కులు ఎలా పంచాం?

ఫెయిర్ కాపీకి 15: విషయానికి 5, అమరికకు 5, భాషకు 5. అంటే పూర్తయిన వ్యాసం బరువు ఇప్పటికీ సగానికి పైనే ఉంది.

డ్రాఫ్టుల మధ్య జరిగిన మార్పుకు 7. ఇందులో అర్థంలో వచ్చిన మార్పుకు 4, అడిగిన ప్రశ్నలకు స్పందించినందుకు 2, చివరిసారి తప్పులు సరిచూసుకున్నందుకు 1.

మిగిలిన 3 మార్కులు నోట్‌కి. అందులో మూడు ప్రశ్నలుంటాయి. మీరు చేసిన పెద్ద మార్పు ఏది, ఎందుకు? ఎవరి ప్రశ్న మీకు పనికొచ్చింది? ఎవరైనా మార్చమన్నా మీరు మార్చనిది ఏది, ఎందుకు?

ఇందులో "అర్థంలో మార్పు" అన్న 4 మార్కుల దగ్గరే ఆ ఇద్దరు పిల్లల దారులు విడిపోయాయి.

అబ్బాయి ఫోల్డర్

అతని మొదటి డ్రాఫ్ట్ నీటి వృథా గురించి. "నీరు ప్రాణాధారం. నీరు లేకపోతే మనిషి బతకలేడు. భూమి మీద నీళ్లు ఎక్కువే ఉన్నా తాగే నీళ్లు తక్కువ." ఇలా మూడు పేరాలు నడిచాయి. ఏ పిల్లవాడైనా, ఏ ఊళ్లో ఉన్నా రాయగలిగినవి. నాలుగో పేరాలో మాత్రం ఒక వాక్యం ఉంది: "మా అపార్ట్‌మెంట్ ట్యాంక్ రోజూ పొద్దున పొంగిపోతుంది, వాచ్‌మన్ పట్టించుకోడు." దాని కింద గీత గీసి రెండు ప్రశ్నలు రాశాను: "ఎంతసేపు పొంగుతుంది? ఆ సమయంలో వాచ్‌మన్ ఎక్కడ ఉంటాడు?"

పది రోజుల తర్వాత రెండో డ్రాఫ్ట్ వచ్చింది. మొదటి మూడు పేరాల మీద అడ్డంగా ఒక్కటే గీత. ట్యాంక్ వాక్యం వ్యాసం మొదటికి వచ్చింది. ఎడమ పేజీలో లెక్కలున్నాయి. అతను వరుసగా ఐదు రోజులు పొద్దున్నే లేచి చూశాడు. ట్యాంక్ నిండాక మోటార్ కట్టేసేవరకు పట్టిన సమయం 18, 22, 25, 15, 20 నిమిషాలు. సగటున 20. పొంగిన నీళ్లు పడే పైపు కింద 15 లీటర్ల బకెట్ పెడితే అర నిమిషంలో నిండింది. అంటే నిమిషానికి 30 లీటర్లు, రోజుకు 600 లీటర్లు. "ప్రాణాధారం" అన్న మాట పోయి, "రోజుకు 600 లీటర్లు" అన్న మాట వచ్చింది.

మూడో డ్రాఫ్ట్‌కు ముందు పిల్లలు జంటలుగా కూర్చుని ఒకరి వ్యాసం ఒకరికి పైకి చదివి వినిపిస్తారు. పక్కన కూర్చున్నవాడు అడిగిన ప్రశ్న ఇది: "మరి ఆ టైమ్‌లో వాచ్‌మన్ ఏం చేస్తుంటాడ్రా?" నేను అంతకుముందే అడిగాను కానీ, స్నేహితుడు అడిగేసరికే అది అతనికి తగిలింది. మర్నాడు గమనించాడు. ఆరున్నర నుంచి ఏడు వరకు వాచ్‌మన్ కార్లు తుడుస్తూ, స్కూల్ వ్యాన్లు వచ్చినప్పుడల్లా గేటు తీస్తూ ఉంటాడు. ఆ వ్యాన్లలో ఒకటి ఎక్కేది ఈ అబ్బాయే. దాంతో "వాచ్‌మన్ పట్టించుకోడు" అన్న వాక్యాన్ని కొట్టేశాడు. ముగింపు మారిపోయింది. "వాచ్‌మన్‌ను హెచ్చరించాలి" అన్నచోట "ట్యాంక్ నిండగానే మోటార్ దానంతటదే ఆగిపోయే స్విచ్ పెట్టాలి, అప్పటిదాకా మోటార్ అరగంట ఆలస్యంగా వేయాలి" అని వచ్చింది.

ఫెయిర్ కాపీలో భాష సాఫీగా లేదు. జరిగిపోయిన పనికీ రోజూ జరిగే పనికీ ఒకే క్రియ వాడేశాడు. ఆర్టికల్స్ మూడు చోట్ల పోయాయి. రెండో పేరా చాలా పొడవైంది. అందుకే విషయానికి 5, అమరికకు 3, భాషకు 3, మొత్తం 11. మార్పుకు 4+2+0. చివరి సున్నా తప్పులు సరిచూసుకోనందుకు. నోట్‌కి 2. మొత్తం 19.

అమ్మాయి ఫోల్డర్

ఆమె అంశం ప్లాస్టిక్. మొదటి డ్రాఫ్ట్ చక్కగా ఉంది. నాలుగు పేరాలు, ప్రతి పేరాకూ ఒక మొదలు, ఒక ముగింపు. నేను రెండు ప్రశ్నలు రాశాను: "మీ వీధిలో ఈ ప్లాస్టిక్ ఎక్కడ కనిపిస్తుంది? అది ఎవరి ఇంటినుంచి వస్తుంది?"

రెండో డ్రాఫ్ట్‌లో 31 మార్పులున్నాయి. లెక్కపెట్టాను. "పెద్ద" అన్న మాట బదులు "అపారమైన" అన్న అర్థం వచ్చే పొడవాటి ఇంగ్లిష్ పదం, "చెడు" బదులు "హానికరమైన" అనే పదం, ఇలా సాగాయి. నా మొదటి ప్రశ్నకు జవాబుగా "మా వీధి చివర" అన్న మాట చేర్చింది. పేరాలు అవే, వాటి వరుస అదే, చెప్పిన సంగతీ అదే. ఫెయిర్ కాపీలో విషయానికి 3, అమరికకు 4, భాషకు పూర్తిగా 5, మొత్తం 12. ఇక్కడ ఆమె అబ్బాయికన్నా ఒక మార్కు ముందే ఉంది. మార్పుకు 0+1+1. నోట్‌లో "నా పదసంపద పెంచుకున్నాను" అన్న ఒక్క వాక్యమే ఉంది, దానికి 1. మొత్తం 15.

31 మార్పులు చేసినా, అర్థంలో మార్పు అన్నచోట సున్నా ఎందుకు? ఇక్కడ ఒక చిన్న పరీక్ష వాడతాను. మొదటి డ్రాఫ్ట్ సారాంశం ఒక్క వాక్యంలో చెప్పాలి. ఫెయిర్ కాపీ సారాంశం ఇంకో వాక్యంలో చెప్పాలి. రెండు వాక్యాలూ ఒకటే అయితే జరిగింది దిద్దుబాటు. వేరైతే జరిగింది పునర్లేఖనం. అబ్బాయి వ్యాసం "నీరు విలువైనది" దగ్గర మొదలై "మా ట్యాంక్ రోజుకు 600 లీటర్లు పారబోస్తోంది, తప్పు మనిషిది కాదు, ఏర్పాటుది" దగ్గర ముగిసింది. అమ్మాయి వ్యాసం "ప్లాస్టిక్ చెడ్డది" దగ్గర మొదలై అక్కడే ముగిసింది.

ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. 1981లో అమెరికాలో లెస్టర్ ఫెయిగ్లీ, స్టీఫెన్ విట్టీ అనే ఇద్దరు మార్పులను ఇలాగే రెండు రకాలుగా విడదీశారు: పైపై మార్పులు, అర్థాన్ని కదిలించే మార్పులు. అంతకు ఏడాది ముందు నాన్సీ సోమర్స్ 20 మంది కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థులనూ, 20 మంది అనుభవమున్న రచయితలనూ పోల్చి చూశారు. విద్యార్థులకు తిరగరాయడమంటే ఎక్కువగా ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడమే. అనుభవమున్నవాళ్లు తాము అసలు ఏం చెప్పాలనుకుంటున్నారో వెతుక్కోవడానికి తిరగరాస్తారు. అమ్మాయి చేసిన పనిలో బద్ధకం ఏమీ లేదు. ఆ వయసులో చాలామంది చేసేదే చేసింది. ఇంకో రకం మార్పు ఉందని ఆమెకు చూపించాల్సిన బాధ్యత మాది.

నేను చేసిన పొరపాటు

ఈ పద్ధతి మొదలుపెట్టిన ఏడాది నేను మార్పులను లెక్కపెట్టి మార్కులు వేశాను. పది మార్పులకు ఇన్ని, ఇరవైకి ఇన్ని. రెండు నెలల్లో పిల్లలు కిటుకు పట్టేశారు. కొందరు కావాలనే మొదటి డ్రాఫ్ట్‌లో స్పెల్లింగ్ తప్పులు పెట్టి, రెండోదాంట్లో సరిచేశారు. కొందరు ముందు ఫెయిర్ కాపీ రాసుకుని, దాన్ని చూస్తూ వెనక్కి "రఫ్" తయారుచేశారు. నేను కొలిచినదాన్నే వాళ్లు నాకు ఇచ్చారు. తప్పు వాళ్లది కాదు, నా కొలతది.

ఇప్పుడు అలాంటి డ్రాఫ్ట్ వస్తే గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన డ్రాఫ్ట్‌లో మధ్యలో ఆగిపోయిన వాక్యాలు ఉంటాయి. మొదలుపెట్టి వదిలేసిన ఆలోచన ఉంటుంది. ఫెయిర్ కాపీలోకి రాని పేరా ఒకటైనా ఉంటుంది. తయారుచేసిన రఫ్‌లో అవేవీ ఉండవు. ప్రతి వాక్యానికీ ఫెయిర్‌లో ఒక జోడీ ఉంటుంది, తేడా అక్షరాల్లోనే. అయినా చూపుతో కనిపెట్టడం మీద ఆధారపడకూడదని మొదటి డ్రాఫ్ట్‌ను క్లాసులోనే రాయించి, ఆ రోజే సంతకం పెడుతున్నాం.

మొదటిసారే బాగా రాసేవాళ్ల సంగతి?

ఈ ప్రశ్న కూడా న్యాయమైనదే. బాగా రాసే పిల్లలు మార్కుల కోసం బాగున్నదాన్ని పాడుచేసుకోకూడదు. అందుకే నోట్‌లో మూడో ప్రశ్న ఉంది: మార్చమన్నా మీరు మార్చనిది ఏది, ఎందుకు? ఒక పాప తన తాతయ్య గురించిన చిన్న సంభాషణను తీసేయమని జంటలోని అమ్మాయి అన్నా ఉంచేసింది. "అది తీసేస్తే ఆయన కోపం నా మాటల్లో తెలుస్తుంది, ఉంచితే ఆయన మాటల్లోనే తెలుస్తుంది" అని రాసింది. ఆలోచించి ఉంచడమూ నిర్ణయమే. దానికి నోట్‌లో పూర్తి 3 మార్కులు ఇచ్చాను.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఒక్కో ఫోల్డర్‌కు నాకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. 38 మంది ఉన్న సెక్షన్‌కు ఐదు గంటలు దాటుతుంది. అందుకే టర్మ్‌కు ఒక్క వ్యాసానికే ఇలా చేస్తున్నాం. మిగిలిన రాత పనులు ఎప్పటిలాగే దిద్దుతాం.

బోర్డ్ పరీక్షలో రఫ్‌కి మార్కులుండవు కదా?

ఉండవు. సీబీఎస్ఈలో ఇంటర్నల్ అసెస్‌మెంట్ 20 మార్కుల్లో పోర్ట్‌ఫోలియోకు 5 ఉన్నాయి. మిగిలిన 80 మార్కుల పేపర్‌లో రాసిందే ఫైనల్. కానీ పదో తరగతి ఇంగ్లిష్ పేపర్‌లో ఉత్తరమైనా, పేరా అయినా దాదాపు 100 నుంచి 120 పదాల్లో రాయాలి. అంత చిన్న చోట మొదటి మూడు వాక్యాలు "నీరు ప్రాణాధారం" లాంటివాటికి పోతే సగం జవాబు ఖాళీ అయినట్టే. పేపర్ చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాల్లో "నేను నిజంగా చెప్పబోయే సంగతి ఏది?" అని తనను తాను అడిగే అలవాటు ఈ ఫోల్డర్లలోనే పడుతుంది. మూడు పేరాలు కొట్టేసిన పిల్లవాడు ఆ మూడు పేరాలను మరోసారి రాయడానికి తటపటాయిస్తాడు.

ఇంట్లో మీరు చేయగలిగింది

డ్రాఫ్ట్‌ను మీరు గానీ, ట్యూషన్ సార్ గానీ దిద్దకండి. పెద్దలు దిద్దిన డ్రాఫ్ట్ శుభ్రంగా వస్తుంది కానీ, పిల్లలు ఏం ఆలోచించారన్నది అందులో కనిపించదు. మార్కులు ఉన్నది దానికే. దిద్దడానికి బదులు పైకి చదివి వినిపించమని అడగండి. విన్నాక ఒక్క ప్రశ్న వేయండి: "నాకు ఇక్కడ అర్థం కాలేదు, ఏం జరిగింది?" ఆ జవాబు ఇంగ్లిష్‌లోనే ఉండాలని లేదు. తెలుగులో చెప్పిన జవాబే తర్వాతి డ్రాఫ్ట్‌లో ఇంగ్లిష్ పేరా అవుతుంది.

ఇంకో మాట. రెండో డ్రాఫ్ట్‌లో మొదటిదానికన్నా ఎక్కువ తప్పులు కనిపిస్తే కంగారుపడకండి. అలవాటైన వాక్యాలు వదిలి కొత్త సంగతి చెప్పబోతే భాష కాస్త తడబడుతుంది. తప్పులు దిద్దుకోవడం చివరి మెట్టు. కొట్టేయబోయే పేరాలో కామాలు సరిచేయడం వృథా శ్రమ.

ఆ అమ్మాయి సంగతి చెప్పాలి కదా. మీటింగ్ అయ్యాక ఆమెకు ఇంకో డ్రాఫ్ట్ రాసే అవకాశం ఇచ్చాను. రెండో ప్రశ్నకు జవాబు వెతకమన్నాను: ఆ ప్లాస్టిక్ ఎవరి ఇంటినుంచి వస్తుంది? వారం తర్వాత వచ్చిన డ్రాఫ్ట్ వాళ్ల వంటింట్లో మొదలైంది. రోజుకు నాలుగు పాల ప్యాకెట్లు, నెలకు 120. వాటిలో ఎన్ని పాత సామాన్ల అతనికి వెళ్తున్నాయి, ఎన్ని తడిచెత్తలో కలిసిపోతున్నాయి, ప్యాకెట్ కడిగి ఆరబెట్టే ఓపిక ఇంట్లో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని రాసింది. ఓపిక లేనివాళ్లలో నాన్నగారూ ఉన్నారు. భాషలో ఈసారి రెండు తప్పులు దొర్లాయి, 5 కాస్తా 4 అయింది. విషయానికి 3 నుంచి 5 అయింది, అర్థంలో మార్పుకు 4కు 4 వచ్చాయి.

నాన్నగారు ఆ వ్యాసం చదివి మెసేజ్ పెట్టారు: "మార్కులు సరే మేడమ్. ప్యాకెట్లు మాత్రం ఇప్పుడు నాతోనే కడిగిస్తోంది."